పెళ్లి మండపం రంగులు ఫొటోలో బాగా రావాలంటే గుడ్డ, పూలు, లైట్లు ఎలా కలపాలి

"వెనక ఏ రంగు గుడ్డ వేయిస్తే ఫొటోలు బాగుంటాయి?" పెళ్లిళ్ల సీజన్ మొదలైతే అందరూ అడిగే ప్రశ్న ఇదే. రంగు పేరు ఒక్కటి చెప్పి పంపేయలేం. ఒక మండపంలో అద్భుతంగా వచ్చిన మెరూన్ ఇంకో మండపంలో నల్లటి గోడలా వస్తుంది. గుడ్డ ఒకటే అయినా చీర వేరు, లైటు వేరు, పూలు వేరు. అందుకే ఇక్కడ రంగుల జాబితా కాకుండా, మీ ఇంటి పెళ్లికి మీరే రంగు తేల్చుకునే పద్ధతి చెబుతున్నాను. ఉదాహరణకి ఫంక్షన్ హాల్లో రాత్రి ముహూర్తాన్ని తీసుకున్నాను. మన పెళ్లిళ్లలో ఫొటోలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే, ఎందుకంటే ఎండ వెలుతురు సాయం ఉండదు, ప్రతి రంగూ లైటు దయ మీదే ఆధారపడి ఉంటుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- పెళ్లికూతురి పట్టుచీర, లేదా దాని జాకెట్ ముక్క. ఫోన్లో చీర ఫొటో సరిపోదు, అందులో రంగు అప్పటికే మారిపోయి ఉంటుంది.
- మధుపర్కాలు. చాలామంది మర్చిపోయేది వీటినే. అసలు ముహూర్తం ఫొటోల్లో చాలా ఇళ్లలో వధూవరులు కట్టుకునేది తెల్లటి మధుపర్కాలే.
- డెకరేషన్ వాళ్ల దగ్గర్నుంచి మీకు నచ్చిన మూడు గుడ్డల ముక్కలు. ఒక్కొక్కటి కనీసం గజం ఉండాలి. అరచేయంత శాంపిల్ చూసి తేల్చుకోవద్దు.
- వాడబోయే పూలు, రకానికి గుప్పెడు చొప్పున.
- స్టేజికి వాడే లైటే ఒకటి. దొరక్కపోతే ఇంట్లో వామ్ వైట్ ఎల్ఈడీ బల్బు.
- ఒక తెల్ల కాగితం, ఫోన్, ఎదురుగా నిలబడటానికి ఒక మనిషి. పెళ్లికూతురే నిలబడితే మరీ మంచిది.

1. డెకరేషన్ ఆల్బమ్ తర్వాత, చీర ముందు

ఈవెంట్ వాళ్ల దగ్గరికి వెళ్లగానే ట్యాబ్ తెరిచి నలభై మండపాలు చూపిస్తారు. అవన్నీ మనుషులు లేని ఖాళీ మండపాల ఫొటోలే. ఆ ఫొటోలో రెండు పీటల మీద మీ పిల్లలు కూర్చున్నాక ఎలా ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

కాబట్టి ముందు ఒక కాగితం మీద రాసుకోండి: ముహూర్తానికి ముందు చీర ఏ రంగు, మధుపర్కాల అంచు ఏ రంగు, రిసెప్షన్ బట్టలు ఏ రంగు. ఈ మూడింటి వెనకా ఒకే గుడ్డ ఉండబోతోందా? అలాగైతే ఆ గుడ్డ ముదురు చీరకీ తెల్ల మధుపర్కానికీ రెండింటికీ నప్పాలి. దీని వల్ల రెండు రకాల రంగులు మొదట్లోనే పోతాయి. తెలుపు, క్రీమ్ గుడ్డ ముందు మధుపర్కాలు కలిసిపోతాయి, భుజం ఎక్కడ అయిందో గుడ్డ ఎక్కడ మొదలైందో తెలియదు. పైగా ఫోన్ కెమెరా ఆ తెలుపంతా చూసి వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోని తగ్గిస్తుంది, ముఖాలు నల్లబడతాయి. చిక్కటి నలుపు, మెరూన్ వెల్వెట్ ముందు దీనికి తలకిందులుగా జరుగుతుంది: చీకటి ఎక్కువగా ఉందని కెమెరా వెలుతురు పెంచుతుంది, మధుపర్కం తెల్లటి మచ్చలా వెలిగిపోయి మడతలు కనిపించవు. ఫొటోగ్రాఫర్ తన కెమెరాలో దీన్ని సరిదిద్దుకోగలడు. మీ చుట్టాల రెండు వందల ఫోన్లు సరిదిద్దుకోలేవు.

మిగిలేది మధ్యరకం వెలుతురున్న రంగులు. మెహందీ ఆకుపచ్చ, పాత గులాబీ, ముదురు గంధం, బూడిద నీలం, ఇటుక రంగు, ఇలాంటివి. షాపులో చూస్తే ఇవి "కళ లేనట్టు" అనిపిస్తాయి, పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. కళ పూలతో, చీరతో వస్తుంది. గుడ్డ కూడా కళకళలాడితే పీటల మీది మనుషులు దానితో పోటీ పడాల్సి వస్తుంది.

2. రంగు తీసేసి చూడండి

ఈ ఒక్క పరీక్ష చేసినా చాలు, సగం తప్పులు తప్పుతాయి. గజం గుడ్డని గోడకి వేలాడదీసి, దాని ముందు మూడు అడుగుల దూరంలో మనిషిని నిలబెట్టి, చీర ముక్కని భుజం మీద వేసి ఫోన్తో ఫొటో తీయండి. తర్వాత ఎడిట్‌లోకి వెళ్లి ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేయండి. ఇప్పుడు చూడండి: చీరా గుడ్డా ఒకే బూడిద రంగులో కలిసిపోయాయా? ముఖం గుడ్డ నుంచి విడిగా కనిపిస్తోందా?

ఎరుపు చీర వెనక ఆకుపచ్చ గుడ్డ పెడితే కంటికి భలే తేడాగా ఉంటుంది. కానీ రెండూ ఒకే ముదురులో ఉంటే బ్లాక్ అండ్ వైట్‌లో ఒకే ముద్ద అవుతాయి. అలాంటి ఫొటోలో రంగు ఉన్నా లోతు ఉండదు, చూడగానే ఏదో అతికించినట్టు ఉంటుంది. అప్పుడు ఆకుపచ్చ మార్చక్కర్లేదు, అదే ఆకుపచ్చలో ఒక మెట్టు లేతది తీసుకోండి.

ఇదే పరీక్షని మధుపర్కంతో మళ్లీ చేయండి. ముఖం, చీర, మధుపర్కం, ఈ మూడూ గుడ్డ నుంచి విడివడాలి. మూడింట్లో ఒకటి కలవక తప్పదంటే చీర కలిసినా ఫరవాలేదు, దానికి జరీ అంచు ఉంది, అది విడగొడుతుంది. ముఖం మాత్రం కలవకూడదు.

తలంబ్రాల సంగతి కూడా ఇప్పుడే తేలుతుంది. పసుపు కలిపిన బియ్యం గాల్లో ఎగిరినప్పుడు గింజ గింజా కనిపించాలంటే వెనక కాస్త ముదురు ఉండాలి. గంధం రంగు, బంగారు రంగు, పసుపు బంతిపూల గోడ ముందు తలంబ్రాలు పోస్తే ఫొటోలో చేతులు పైకి లేచి ఉంటాయి, తలంబ్రాలు కనిపించవు. పిడికెడు పసుపు బియ్యం గుడ్డ ముందు పోసి ఒక ఫొటో తీసి చూసుకోండి.

3. గుడ్డ రకం తేల్చుకోండి

రంగు ఎంత సరిగ్గా ఎంచుకున్నా శాటిన్ దాన్ని పాడుచేస్తుంది. శాటిన్ మెరుస్తుంది, ఫ్లాష్ పడిన చోటల్లా మడత మీద తెల్లటి గీత వస్తుంది. ఫొటోలో ఆ గీతలు మనుషుల తలల వెనక నిలువు కర్రల్లా కనిపిస్తాయి. జార్జెట్, షిఫాన్, మెరుపు లేని లైక్రా, కాటన్ కలిసిన గుడ్డలు వెలుతురుని నెమ్మదిగా వెనక్కి పంపుతాయి. వెల్వెట్ వెలుతురుని మింగేస్తుంది, దాన్ని వాడాలంటే లైటు ఎక్కువ పెట్టాలి.

డెకరేషన్ వాళ్ల దగ్గర ఉన్నది శాటినే అయితే, దాన్ని తిప్పి వేయమనండి. చాలా శాటిన్లకి వెనక వైపు మెరుపు ఉండదు, రంగు మాత్రం అదే. ఖర్చు లేని పని. కుట్లు కనిపిస్తాయని కాస్త గునుస్తారు, పది అడుగుల దూరం నుంచి ఎవరికీ కనిపించవు.

గుడ్డని బిగించి కొడితే ఫ్లెక్సీ అనిపిస్తుంది. కుచ్చులు రావాలంటే వెడల్పుకి రెట్టింపు గుడ్డ కావాలి. స్టేజి 24 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు అనుకోండి. 48 అడుగుల గుడ్డ వెడల్పు రావాలి. 44 అంగుళాల పన్నా అయితే 13 ముక్కలు, మడతతో కలిపి ఒక్కొక్కటి పన్నెండున్నర అడుగులు, అంటే మొత్తం సుమారు 50 మీటర్లు. "ఫుల్ డ్రేపింగ్" అని చెప్పి 30 మీటర్లతో సరిపెడితే కుచ్చులు పలచబడి వెనకున్న హాలు గోడ, స్విచ్‌బోర్డు కనిపిస్తాయి. మాట్లాడేటప్పుడే ఈ లెక్క అడగండి.

4. పందిరి పైకప్పు గుడ్డ వేరుగా ఆలోచించండి

వెనక గుడ్డ గురించి గంటలు మాట్లాడి పైన ఏదో ఒకటి వేసేస్తారు. నిజానికి ముఖం రంగుని ఎక్కువగా మార్చేది పై గుడ్డే. ఫొటోగ్రాఫర్ ఫ్లాష్‌ని తిన్నగా ముఖం మీద కొట్టడు, పైకి కొట్టి కిందికి దిగే వెలుతురుతో తీస్తాడు. పైన ఎర్ర గుడ్డ ఉంటే దిగే వెలుతురు ఎర్రగా ఉంటుంది, ఆకుపచ్చ ఉంటే ముఖాలు జబ్బుపడినట్టు పచ్చగా ఉంటాయి. దీన్ని తర్వాత కంప్యూటర్లో సరిదిద్దితే గుడ్డ, పూలు, చీర అన్నిటి రంగూ దానితో పాటు జరుగుతుంది.

పైన తెలుపు గానీ లేత క్రీమ్ గానీ వేయించండి. వెనక ఉన్న రంగే పైనా కావాలనిపిస్తే అంచుల చుట్టూ ఒక అడుగు ఝాలరుగా వేసి మధ్యలో తెలుపు వదలండి. పగటి పెళ్లి, ఆరుబయట పందిరి అయితే ఇది ఇంకా ముఖ్యం. ఎరుపు పసుపు చారల షామియానా కింద ఎండ దిగితే పురోహితుడి పంచె నుంచి కొబ్బరిబొండాం దాకా అన్నీ నారింజ రంగులోనే వస్తాయి. అక్కడ తాటాకు పందిరీ తెల్ల షామియానా రెండూ ఎంతో నయం.

5. పూలు: రెండు రంగులు, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ

పూలని గుడ్డకి సరిపోయేలా కాకుండా గుడ్డ నుంచి విడిపోయేలా ఎంచుకోండి. క్రీమ్ గుడ్డ మీద లిల్లీ దండలు వేస్తే డబ్బు పోసి కూడా కనిపించవు. అదే లిల్లీలు మెహందీ ఆకుపచ్చ మీద దూరం నుంచే తెలుస్తాయి. మెరూన్ గుడ్డ మీద ఎర్ర గులాబీ కట్టించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, దగ్గరికి వెళ్లి చూస్తే తప్ప ఆ గులాబీలున్నాయని తెలీదు.

నారింజ బంతి, పసుపు బంతి రాత్రి పెళ్లికి గట్టి పూలు. మధ్యాహ్నం కట్టినా తెల్లవారుఝాము ముహూర్తానికి నిలబడతాయి. అయితే పసుపు పట్టుచీర ఉన్నప్పుడు పసుపు బంతి వెనక పెట్టొద్దు, ఎందుకంటే వామ్ లైట్లో చీర, పూలు, తలంబ్రాలు, పసుపు రాసిన పాదాలు అన్నీ ఒకే రంగుకి వచ్చేస్తాయి. అక్కడ నారింజ బంతి, తెల్ల చామంతి నయం. హల్దీ ఫంక్షన్‌లో జరిగే ప్రమాదం కూడా సరిగ్గా ఇదే: అందరూ పసుపు బట్టలు, వెనక పసుపు గుడ్డ, పైన పసుపు పూలు. పచ్చటి కొబ్బరి మట్టలు, అరటాకులు, తెల్ల చామంతి పెడితే ఆ పసుపు బట్టలన్నీ లేచి కనిపిస్తాయి.

తెల్ల గులాబీ, మల్లె విషయంలో జాగ్రత్త. వేడి లైటు దగ్గర కట్టిన తెల్ల గులాబీ రెక్కల అంచులు కొన్ని గంటల్లోనే గోధుమ రంగుకి తిరుగుతాయి, దగ్గరి ఫొటోలో అది మురికిలా కనిపిస్తుంది. వాటిని లైటుకి దూరంగా, మనుషుల తలల ఎత్తులో కాకుండా పైన కట్టించండి. తలల ఎత్తులో వాడిపోనివి, అంటే చామంతి, ఆర్కిడ్ లాంటివి ఉండాలి.

ప్లాస్టిక్ పూలు కలుపుతామంటే వద్దనను, బడ్జెట్ అలాంటిది. అసలు పూలని ముందు వరసలో, మనుషుల చుట్టూ పెట్టి, ప్లాస్టిక్‌వి పైనా మూలల్లోనూ పెట్టించండి. రాణీ రంగు, వంకాయ రంగు ప్లాస్టిక్ పూలు మాత్రం కంటికి ఒకలా, కెమెరాకి ఇంకోలా కనిపిస్తాయి. ఫొటో తీసి చూడకుండా ఒప్పుకోవద్దు.

6. ముఖం మీద పడే లైటంతా ఒకే రకంగా ఉండాలి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడ. లైటు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం, తగ్గేకొద్దీ పసుపు. హాలు పైకప్పులో తెల్ల ట్యూబులు ఉంటాయి, అవి 6500 కెల్విన్, నీలం వైపు ఉంటాయి. డెకరేషన్ వాళ్ల ఫోకస్ లైట్లు 3000 కెల్విన్, పసుపు వైపు. వీడియో వాళ్ల లైటు 5600 దగ్గర. ఈ మూడూ ఒకే ముఖం మీద పడితే ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం. కెమెరా ఒకదాన్నే తెలుపు అనుకోగలదు, మిగతావన్నీ తప్పుగానే వస్తాయి.

చేయవలసిందల్లా ముగ్గుర్నీ ఒక మాట మీదకి తేవడం. డెకరేషన్ అంతా వామ్ వైట్ అయితే స్టేజి మీది ట్యూబులు ఆర్పించండి, వీడియో లైటుని 3200కి మార్చమనండి. ఇప్పుడు చాలా ఎల్ఈడీ వీడియో లైట్లకి ఆ గుండీ ఉంటుంది. ఫ్లాష్ వాడే ఫొటోగ్రాఫర్‌ని దానికి ఆరెంజ్ జెల్ కాగితం పెట్టుకోమని అడగండి, పని తెలిసినవాడు వెంటనే అర్థం చేసుకుంటాడు. ఈ మాట పెళ్లిరోజు కాదు, వారం ముందే, ముగ్గురి నంబర్లతో ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టి చెప్పండి. "స్టేజి మొత్తం 3200, ముఖాల మీద రంగు లైటు వద్దు" అన్న ఒక్క వాక్యం చాలు.

ముందు లైట్లు రెండు, స్టేజికి రెండు మూలలా, తల కన్నా ఎత్తులో, ముఖానికి ఏటవాలుగా ఉండాలి. తిన్నగా ఎదురుగా పెడితే ముఖాలు చదునవుతాయి, వధూవరులు కళ్లు చిట్లిస్తారు. నడినెత్తిన పెడితే కళ్ల కింద గుంటలు పడతాయి, పాపిట బిళ్ల నీడ ముక్కు దాకా వస్తుంది.

7. రంగు లైట్లు గుడ్డ మీదే, అదీ గుడ్డ రంగు చూసి

రంగుల పార్ లైట్లు, అంటే స్టేజి మీద గుడ్డకి కొట్టే ఫోకస్ లైట్లు, అద్దెకు వచ్చేశాయి కాబట్టి వెలిగించాలని లైట్‌మ్యాన్‌కి ఉబలాటం. కానీ రంగు లైటు గుడ్డకి కొత్త రంగు వేయదు, గుడ్డలో ఆ రంగు ఉంటేనే అది వెనక్కి వస్తుంది. నీలం లైటు కింద పసుపు బంతి నల్లటి ముద్ద. ఆకుపచ్చ లైటు కింద ఎర్ర గులాబీ నలుపు. ఎర్ర గుడ్డ మీద ఎర్ర లైటు వేస్తే కెమెరా ఎరుపు తట్టుకోలేక కుచ్చులన్నీ చెరిగిపోయి ఎర్ర ప్లాస్టిక్ షీటులా వస్తుంది. ఊదా, రాణీ రంగు లైటు పొరపాటున ముఖం మీద పడిందో, ఇక ఆ ఫొటోని ఎవరూ బాగుచేయలేరు.

మండపానికి వామ్ వైట్ పార్‌లు చాలు. నేల మీద, గుడ్డకి రెండు మూడు అడుగుల దూరంలో పెట్టి పైకి కొట్టండి. 24 అడుగుల స్టేజికి నాలుగు అడుగులకొకటి చొప్పున ఆరు పార్‌లు పెడితే గుడ్డ మీద వెలుతురు చారలు పడకుండా సమంగా పరుచుకుంటుంది. ముఖం మీద ఉన్న వెలుతురు కన్నా గుడ్డ మీదది తక్కువ ఉండాలి. ఎంత తక్కువంటే, బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో ముఖమే అన్నిటికన్నా ముందు కంటపడాలి. రంగులు కావాలంటే రిసెప్షన్‌కి వేసుకోండి, అక్కడ కూడా గుడ్డ లేత రంగుదైతేనే, ముఖాల మీదకి చిందకుండా.

హోమం పొగని కూడా గుర్తుపెట్టుకోండి. పొగ లేచినప్పుడు వెనకనుంచి వచ్చే రంగు లైటు దానిలో చిక్కుకుని మండపం అంతా ఆ రంగు మంచులా కమ్ముతుంది. వామ్ వైట్ అయితే అదే పొగ అందంగా ఉంటుంది. హోమగుండం పక్కనున్న స్తంభాల గుడ్డలు, కింద వేలాడే ఝాలర్లు మూడు నాలుగు అడుగులు వెనక్కి కట్టించండి. ఇది ఫొటో కోసం చెప్పిన మాట కాదు, నిప్పు కోసం. హాలోజన్ లైటు ఏదీ గుడ్డకి ఆనుకుని ఉండకూడదు.

8. పక్కలు మూయండి

జీలకర్ర బెల్లం వేళ ఎవరెటు చూస్తారో ఒక్కసారి ఊహించుకోండి. వధూవరులు ఒకరికొకరు ఎదురుగా, మధ్యలో అడ్డుతెర. తెర దించిన క్షణంలో ఫొటోగ్రాఫర్ అబ్బాయి భుజం మీంచి అమ్మాయి ముఖాన్ని తీస్తాడు. అప్పుడు అమ్మాయి వెనక కనిపించేది మీరు యాభై మీటర్లు పోసి కుట్టించిన గుడ్డ కాదు, హాలు పక్క గోడ. అక్కడ పచ్చ రంగు "ఎగ్జిట్" బోర్డు, ట్యూబ్ లైటు, ఎవరో కుర్చీలో కునికిపాట్లు పడుతూ.

ఆ పక్కల్లో ఒక్కోటి ఆరేడు అడుగుల వెడల్పు పరదాని, వెనక గుడ్డ రంగుదే, మండపం స్తంభాలకి కాస్త వెనగ్గా నిలబెట్టించండి. చుట్టాలకి అడ్డమవుతుందంటే తలుపులా పూర్తిగా మూయక్కర్లేదు, బంతి దండలు దగ్గర దగ్గరగా వేలాడదీసినా చాలు. అడ్డుతెర సంగతి కూడా: మరీ మెరిసే శాటిన్ తెర ముఖాలకి దగ్గరగా ఉండి రంగు కొడుతుంది. తెల్లది, సన్న అంచుది మేలు.

పీటలకీ వెనక గుడ్డకీ మధ్య కనీసం ఐదారు అడుగులు ఉండనివ్వండి. దగ్గరైతే నీడలు గుడ్డ మీద పడతాయి, గుడ్డ రంగు భుజాల మీద పడుతుంది.

ఒక మండపాన్ని పూర్తిగా చూద్దాం

కుంకుమ రంగు కంచిపట్టు, బంగారు జరీ. ఎర్ర అంచు మధుపర్కాలు. రాత్రి ముహూర్తం, 24 అడుగుల స్టేజి. ఇంట్లో పెద్దవాళ్ల కోరిక మెరూన్ వెల్వెట్, ఎర్ర గులాబీ, బంగారు స్తంభాలు.

గుడ్డ ముక్కలతో పరీక్ష చేస్తే: మెరూన్ ముందు చీర కనిపించదు, అమ్మాయి తలా చేతులూ మాత్రమే గాల్లో ఉన్నట్టుంటుంది, జరీ ఒక్కటే కాపాడుతుంది. క్రీమ్ శాటిన్ ముందు చీర అద్భుతంగా ఉంటుంది, మధుపర్కం మాయమవుతుంది. మూడోది, కొంచెం లేత మెహందీ ఆకుపచ్చ జార్జెట్. దాని ముందు కుంకుమ చీర ముదురుగా, మధుపర్కం తెల్లగా, ముఖం రెండింటికీ మధ్యలో, మూడూ విడివిడిగా ఉంటాయి. పసుపు తలంబ్రాలు కూడా కనిపిస్తాయి.

కాబట్టి వెనకా పక్కలా ఆ ఆకుపచ్చ. పైన తెలుపు, అంచుకి మాత్రం ఆకుపచ్చ ఝాలరు. పూలలో ఎక్కువ భాగం తెల్ల చామంతి, లిల్లీ దండలు, తక్కువ భాగం నారింజ బంతి, అదీ స్తంభాలకీ మూలలకీ. పెద్దవాళ్ల ఎర్ర గులాబీని కాదనకుండా మండపం ముందు భాగంలో, మెట్ల దగ్గర, తెల్ల పూల మధ్యలో పెట్టాం అనుకోండి, అక్కడ అవి ఎర్రగా కనిపిస్తాయి. బంగారు స్తంభాలు ఉండొచ్చు, మెరుపు తక్కువ ఉన్న రంగు వేసినవైతే. లైట్లన్నీ 3200 దగ్గర. ఆకుపచ్చ పై గుడ్డ వద్దన్నదీ, గుడ్డకి దూరంగా కూర్చోబెట్టమన్నదీ ఇక్కడ తప్పకుండా పాటించాలి, లేకపోతే ఈ రంగే ముఖాల మీద పచ్చదనం కొడుతుంది.

చీర అరటాకు పచ్చ అయితే ఇదంతా మారిపోతుంది. అప్పుడు వెనక పాత గులాబీ లేదా ఇటుక రంగు తీసుకుని మళ్లీ రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి.

9. పెళ్లిరోజు సాయంత్రం సరిచూసుకోవడం

మండపం పూర్తయ్యాక, లైట్లన్నీ రాత్రి ఎలా వెలుగుతాయో అలాగే వెలిగించి, పీటల మీద ఇద్దర్ని కూర్చోబెట్టండి. ఒకరికి ఎర్ర చీర, ఒకరికి తెల్ల తువ్వాలు భుజం మీద. ఫోన్లో బ్యూటీ మోడ్, ఫిల్టర్లు తీసేయండి. తర్వాత ఇవి చూడండి:

- ముఖం పక్కన తెల్ల కాగితం పట్టుకుని ఫొటో తీయండి. కాగితం తెల్లగానో, కాస్త పసుపుగానో ఉంటే సరే. ఒక సగం పసుపు, ఒక సగం నీలంగా ఉంటే రెండు రకాల లైట్లు కలుస్తున్నాయి, ఒక్కొక్కటే ఆర్పుతూ దొంగని పట్టుకోండి. కాగితం మొత్తం ఆకుపచ్చగా ఉంటే పై గుడ్డని అనుమానించండి. ఊదాగా ఉంటే ఎక్కడో రంగు పార్ ముఖం వైపు తిరిగి ఉంది.
- ఎర్ర పూల ఫొటో తీసి వేళ్లతో పెద్దది చేసి చూడండి. రెక్కల మధ్య గీతలు కనిపించాలి. ముద్దలా ఉంటే అక్కడి లైటు తగ్గించాలి లేదా వెనక్కి జరపాలి.
- స్లో మోషన్ వీడియో కొన్ని సెకన్లు తీయండి. వెలుతురు వణుకుతున్నా, నల్లటి అడ్డగీతలు పాకుతున్నా ఏదో ఎల్ఈడీ మినుకుతోంది. కంటికి తెలీదు గానీ తలంబ్రాల ఫొటోకి కెమెరా వేగం పెంచినప్పుడు ఆ గీతలు ఫొటోలో పడతాయి. చౌక లైట్లని డిమ్మర్‌తో తగ్గించినప్పుడు ఇది ఎక్కువ. తగ్గించకుండా పూర్తిగా వెలిగించి, లైటునే దూరం జరపమనండి. అప్పటికీ పోకపోతే ఆ లైటు మార్పించండి.
- అబ్బాయి పీట దగ్గర నిలబడి అమ్మాయి పీట వైపు, అటునుంచి ఇటు ఒక్కో ఫొటో. వెనక ట్యూబులు, ఫ్యాన్లు, జనరేటర్ వైర్లు ఉన్నాయా?

డెకరేషన్ ఇప్పటికే మాట్లాడేశాం, ఇప్పుడు మార్చలేం అంటే

గుడ్డ మార్చకుండానే చాలా చేయొచ్చు. మెరూన్ వెల్వెట్ ఖాయమైపోతే పీటల వెనక, కూర్చున్నప్పుడు తలలు వచ్చే ఎత్తులో, తెల్ల పూల దండలతో ఆరడుగుల వెడల్పు జాలీ వేయించండి. దగ్గరి ఫొటోలన్నిటికీ అదే నేపథ్యం అవుతుంది. క్రీమ్ గుడ్డ ఖాయమైతే అదే చోట కొబ్బరి మట్టలు, అరటాకులు, మామిడాకు తోరణాలు ఒత్తుగా కట్టించండి, ఖర్చు తక్కువ, మధుపర్కం చక్కగా విడిపోతుంది. గుడ్డ మీద పార్ లైట్లు సగం ఆర్పేసినా క్రీమ్ ఒక మెట్టు దిగుతుంది. రంగుల పార్‌లు తెచ్చేసి ఉంటే లైట్‌మ్యాన్‌ని వాటిని వామ్ రంగుకి కట్టేసి ఆటోమేటిక్‌గా మారే మోడ్ తీసేయమనండి. ఆ మోడ్ మొదట్లో ఆపినా అర్ధరాత్రి ఎవరో పిల్లాడు బటన్ నొక్కేస్తాడు, కాబట్టి సరిగ్గా ముహూర్తానికి అరగంట ముందు లైట్ల బోర్డు దగ్గర మీవాళ్లు ఒకర్ని కూర్చోబెట్టండి.

రిసెప్షన్‌కి వెనక ఎల్ఈడీ తెర పెట్టేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. తెర వెలుతురు ఎక్కువగా ఉంటే ముందున్న జంట నీడబొమ్మల్లా అవుతారు. ఆపరేటర్‌తో వెలుతురు బాగా దించి, కదిలే బొమ్మలు కాకుండా ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ లాంటి ఒకే రంగు నిలకడ చిత్రం పెట్టించి, జంటని తెరకి వీలైనంత దూరంగా నిలబెట్టండి. దగ్గరగా నిలబడితే తెర చుక్కలు ఫొటోలో అలల్లా పడతాయి. ఫోన్లో అలలు కనిపిస్తే రెండడుగులు ముందుకి జరిపి మళ్లీ తీసి చూడండి.